పాతిక పైసల నోటుబుక్కు

నేను రాసినవాటిలో జనం నిజంగా చదివింది ఒక్కటే ఉంటే, అది ఒక నోటుబుక్కు అట్ట మీది లేబులు. అదీ రెండోసారి రాసింది. మొదటిసారి రాసింది కూడా చదివారు. చదివి పుస్తకాన్ని మళ్ళీ బల్ల మీద పెట్టేశారు.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. నాన్నగారి ఉద్యోగం కోసం కాకినాడ నుంచి వచ్చి అశోక్ నగర్‌లో అద్దెకుంటున్నాం. బి.ఏ. పాసయ్యాను, తెలుగు బాగా రాస్తానని పేరు. ఆ పేరు పెట్టుకుని నారాయణగూడలో ఒక చిన్న ప్రకటనల ఆఫీసులో చేరాను. ఆఫీసంటే మేడ మీద రెండు గదులు. కింద ప్రెస్సు. పైన నేను రాసేదాన్ని, కింద కంపోజిటరు వాటికి సీసం అక్షరాలు పేర్చేవాడు. పళ్ళపొడికీ, వాచీల రిపేరు కొట్టుకీ, టైప్ ఇన్‌స్టిట్యూట్‌కీ, ఎవరొస్తే వాళ్ళకి కరపత్రాలు, లేబుళ్ళు, సినిమాహాల్లో వేసే స్లైడుల మాటలు రాసేవాళ్ళం.

మా యజమానికి కొన్ని మాటలంటే ప్రాణం. సాటిలేని, నమ్మకమైన, నాణ్యతకు మారుపేరు. ఈ మూడూ ప్రతిసారీ వస్తాయి కనుక, కంపోజిటరు వాటిని అచ్చయ్యాక విడదీసి గళ్ళలో వేసేవాడు కాదు. దారంతో కట్టి ఒక రేకులో అలాగే దాచేవాడు. కాగితం మీద నేను 'సాటిలేని' అని రాస్తే చాలు, ఆయన చేయి చాపి ఆ కట్ట అందుకునేవాడు. పళ్ళపొడికి వాడిన 'సాటిలేని'నే మర్నాడు వాచీల కొట్టుకీ వాడేవాళ్ళం. ఇందులో తప్పుందని నాకెప్పుడూ తోచలేదు. పైగా రచయిత్రినైపోయానని లోలోపల మురిసిపోయేదాన్ని కూడా.

అరవైతొమ్మిది గొడవల్లో చదువులు ఆగిపోయి, మళ్ళీ బళ్ళూ కాలేజీలూ తిన్నగా తెరిచిన జూన్‌లో, ఒక బైండరు మా మెట్లెక్కి వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి. చిక్కడపల్లి సందులో ఇల్లు. ఇరవై ఏళ్ళు ఒక పెద్ద బైండింగు దుకాణంలో పనిచేసి, ఆ ఏడే బయటికొచ్చి ఇంటి దగ్గర సొంతంగా పెట్టుకున్నాడు. ఉన్నదంతా పెట్టి మిల్లు కాగితం ఒక లాటు కొన్నాడు. తనూ, భార్యా, కూతురూ కూర్చుని నోటుబుక్కులు కుట్టారు. బజార్లో ఆ సైజు పుస్తకం నలభై పైసలుంటే తనది పాతిక పైసలకి ఇస్తానన్నాడు.

"జూలై నడుమదాంక అమ్ముడుపోవాలె బిడ్డా. ఆ తర్వాత ఎవ్వరు కొనరు. వానలు పడితే కాయితం ముక్కవాసన పడ్తది. ఇవి పోకుంటే నేను మళ్ళ ఆ దుకాణంలకే పోయి కూసోవాలె. నేను ఇడిసి వస్తుంటే ఆ దుకాణం సేఠ్ ఏమన్నడో తెల్సా, నీ జాగ ఎవ్వరికి ఇయ్యను, నువ్వే వస్తవ్ అన్నడు" అన్నాడు.

నవ్వుతూనే అన్నాడు గానీ, ఆ మాట ఆయన్ని బాగా గుచ్చిందని తెలుస్తూనే ఉంది. నాకు జాలేసింది. ఆ జాలే కొంప ముంచింది.

ఆయన ఒక పుస్తకం నా బల్ల మీద పెట్టాడు. నేను దాని పేజీ కూడా తిప్పలేదు. సిగ్గుపడుతూ చెప్తున్నాను, అట్ట చూసి, ధర విని, కలం తీశాను. ధర తక్కువ కాబట్టి కొనేది లేనివాళ్ళే అయి ఉంటారనుకున్నాను. పది నిమిషాల్లో రాసేశాను:

'పేద విద్యార్థుల పాలిటి కల్పవృక్షం! నాణ్యతకు మారుపేరు. సాటిలేని నోటుబుక్కు. 84 పేజీలు. 25 పైసలు మాత్రమే.'

మా యజమాని చదివి, కుర్చీలో వెనక్కి వాలి, "ఇదీ రాతంటే. ఇందులో సంఘసేవ కూడా ఉందమ్మా" అన్నాడు. నాకు ఆ రోజు అన్నం సహించలేదు, సంతోషంతో.

ప్రూఫు తీసి బైండరుకి చూపించాం. ప్రూఫు మీద పని ఇచ్చిన పార్టీ సంతకం లేకుండా మా ప్రెస్సులో మిషనెక్కదు. ఆయన దాన్ని వెలుతురులో పెట్టి, చుట్టూ ఉన్న పూలగీత సరిగ్గా ఉందో లేదో చూశాడు. అంకెల మీద వేలు పెట్టి, "పచ్చీస్ పైసే, ఠీక్" అన్నాడు. కింద ఉర్దూలో సంతకం పెట్టాడు. ఆయన చదువుకున్న కాలంలో ఇక్కడ బడి అంటే ఉర్దూ బడి. ఉర్దూ పేపరు గడగడా చదువుతాడు. తెలుగు మాట్లాడటమే గానీ చదవలేడు. ఇది నాకు తెలిసి ఉండాల్సింది. ఆ సంతకం నా కళ్ళ ముందే పెట్టాడు కదా! అయినా, చదివి వినిపించమంటారా అని నేను అడగలేదు. ఆయన నన్ను అడగలేదు. చదువుకున్న పిల్ల రాసింది బాగానే ఉంటుందనుకున్నాడు.

రెండు వేల లేబుళ్ళు అచ్చయి వెళ్ళాయి.

రెండు వారాల తర్వాత, మా చెల్లెలికి జామెట్రీ పెట్టె కొనడానికి చిక్కడపల్లిలో ఒక స్టేషనరీ కొట్టుకి వెళ్ళాను. బల్ల మీద మా బైండరు పుస్తకాల దొంతర ఉంది. నా రాత బజార్లో కనబడేసరికి గర్వంగా అక్కడే నిలబడ్డాను, ఎవరైనా చదివితే చూద్దామని.

ఒకావిడ వచ్చింది. నేత చీర, చేతిలో గుడ్డసంచి, పక్కన ఎనిమిదో తొమ్మిదో చదివే కూతురు. పుస్తకం అందుకుంది. ధర చూసి ఆవిడ మొహం విప్పారింది. "అర డజను ఇస్తవా?" అని కూడా అంది. అంతలో ఆ పిల్ల లేబులు చదివి తల్లి కొంగు లాగింది. "అమ్మా, పేదపిల్లలకట ఇవి" అని మెల్లగా చెప్పింది.

ఆవిడ పుస్తకాన్ని ఉన్నచోట పెట్టేసింది. "అట్ట మీద బొమ్మలున్నయి ఇయ్యి. మూడు చాలు" అంది. ఆరు కావలసిన చోట మూడు కొనుక్కుని, చిల్లర లెక్కపెట్టి ఇచ్చి వెళ్ళిపోయింది. ఆ పిల్ల మా వైపు తిరిగి కూడా చూడలేదు.

కొట్టాయన నన్నెరగడు. మాటల్లో పెడితే ఉన్నదున్నట్టు చెప్పాడు.

"రోజు ఇదే కథ అమ్మా. రేటు చూసి చేతిల పట్టుకుంటరు, సదివి పెడ్తరు. ఎవడు రాసిండో గాని మంచిగ రాసిండు! లేనోడు కూడ లేనోడినని నలుగుట్ల చెప్పుకుంటడా? ఉన్నోడైతే అసల్కే ముట్టడు. ఇద్దరు కాలేజి పోరలు కొన్నరు. మర్నాడు తెచ్చి మొఖాన కొట్టిండ్రు. సిరా పోస్తే అవతల దిక్కు తేలిందట. సాటిలేదని రాసినవ్ కదా అని నా మీదికి లేసిండ్రు."

రాసిన ఆ మహానుభావురాలు ఎదురుగానే ఉంది. నాకు తల కొట్టేసినట్టయింది. జామెట్రీ పెట్టె సంగతి మరిచిపోయి, ఒక నోటుబుక్కు కొనుక్కుని బయటపడ్డాను. రోడ్డు పక్కన నిలబడి మొదటిసారి దాన్ని తెరిచి చూశాను. కాగితం గోధుమరంగులో ఉంది. గీతల్లేవు. కుట్టు మాత్రం, పిన్ను కాదు, దారంతో కుట్టిన కుట్టు. పుస్తకం మధ్యలో ఎంత లాగినా కదల్లేదు.

తిన్నగా ఆయన ఇంటికి పోయాను. సందు చివర రెండు గదుల ఇల్లు. ముందుగదిలో నిలువెత్తు దొంతరలు, పోయిన సరుకు కంటే ఉన్న సరుకే ఎక్కువ. ఆయన సరుకు వేయడానికి అంబర్‌పేట కొట్లకి వెళ్ళాడట. భార్య వంటింట్లో ఉంది. కూతురు లేబుళ్ళు అతికిస్తోంది. నారాయణగూడలో పి.యు.సి. చదివే పిల్ల. తెలుగు మీడియం. పక్కన గిన్నెలో జిగురుకి ఉడికించిన మైదా లై, పురుగు పట్టకుండా కాస్త మైలుతుత్తం వేసి నీలంగా ఉంది.

"ఈ లేబులు నేనే రాశాను" అన్నాను.

"తెలుసక్కా. నాయిన చెప్పిండు" అంది. చేతిలో పని ఆపలేదు.

"నువ్వు చదివావా?"

"సదివిన."

"మరి మీ నాన్నగారికి చెప్పలేదా?"

"అప్పటికే అచ్చయి వచ్చినయి కదక్కా" అంది. ఇంకో లేబులుకి లై రాసింది. నేను ఇంకేం అడగడానికి మొహం చెల్లక, గోడకానుకుని కూర్చున్నాను.

ఆయన వచ్చాడు. చేతిలో తీసుకెళ్ళిన కట్ట అలాగే ఉంది. నన్ను చూసి, "ఏం బిడ్డా, ఇంత దూరం వచ్చినవ్, చాయ్ తాగినవా?" అన్నాడు. చాయ్ వద్దని, లేబులు తీసి, మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివి వినిపించాను. నా జన్మలో అంత కష్టపడి ఏదీ చదవలేదు.

ఆయన లేబులు నా చేతిలోంచి తీసుకున్నాడు. తర్వాత, "గరీబోళ్ళకని రాసినవా?" అన్నాడు.

"అవునండీ."

"నేను గట్ల చెప్పిన్నా బిడ్డా? సస్త, అగ్గువ అని చెప్పిన. ఇరవై అయిదు పైసలకి వస్తదని చెప్పిన. ఎవ్వరి కోసమో నేను చెప్పలే."

కోప్పడి ఉంటే బాగుండేది. ఆయన గొంతు పెంచలేదు. నాకు ఏడుపొచ్చింది. తప్పయిపోయింది బాబాయిగారూ అన్నాను. నిజానికి పుస్తకం తెరిచి కూడా చూడలేదని, అది కూడా చెప్పేశాను. అప్పుడు మాత్రం ఆయన కళ్ళు పెద్దవి చేసి, "తెరవకనే సాటిలేదని రాసినవా?" అని, అంతటి బాధలోనూ నవ్వాడు. కూతురు కూడా నవ్వింది.

"సరే, ఇప్పుడు మీరు చెప్పండి. నేను కొట్టుకొచ్చిన మనిషిననుకోండి. ఇంత తక్కువెందుకని అడిగాను. ఏం చెప్తారు?"

ఆయన పుస్తకం చేతిలోకి తీసుకున్నాడు. తీసుకోగానే మనిషి మారిపోయాడు. "ఎందుకంటే తెల్ల కాయితం కాదు ఇది. గీతలు కొట్టియ్యలే, గీతల మిషను కర్చు లేదు. అట్ట మీద బొమ్మ లేదు. బొమ్మ మీద ఎవ్వరు లెక్కలు చెయ్యరు కదా! జిగురు తక్కువ పట్టిన కాయితం, సిరా పెడితే అవతలికి దిగుతది. పెన్సిల్‌తోని రాయి, రెండు దిక్కుల మంచిగుంటది. కుట్టు మాత్రం జర సూడు. ఏడాదంత గుంజినా ఒక్క కాయితం ఊసిరాదు" అన్నాడు.

నేను గబగబా రాసుకుంటున్నాను. ఏ పుస్తకంలోనూ నేర్చుకోని పాఠం అది. తక్కువ ధర అనగానే కొనేవాడికి కలిగే అనుమానం ఒక్కటే, ఎక్కడో మోసం ఉందని. ఎక్కడెక్కడ తగ్గించామో మనమే చెప్పేస్తే ఆ అనుమానానికి చోటుండదు. మిగిలినది వాళ్ళకి పనికొస్తుందో లేదో వాళ్ళే చూసుకుంటారు. వాళ్ళు ఉన్నవాళ్ళా, లేనివాళ్ళా అన్నది మనకి అనవసరం.

ఈసారి నోటి మాట మీద వదల్లేదు. కూతురి సిరా పెన్నూ, పెన్సిలూ, నా దగ్గరున్న బాల్‌పెన్నూ తీసుకుని మూడు కాగితాల మీద రాసి చూశాం. పెన్సిలు చక్కగా నిలిచింది. బాల్‌పెన్ను కూడా ఫరవాలేదు, గట్టిగా నొక్కితే వెనక గరుకు తేలుతుంది అంతే. సిరా మాత్రం పాకి, అవతలి వైపుకి దిగింది. సిరాతో రాసేవాళ్ళు ఒకవైపే వాడాలి. అంటే వాళ్ళకి పేజీలు సగమే అవుతాయి. అలాంటివాళ్ళకి నలభై పైసల తెల్ల పుస్తకమే నయం. ఈ సంగతి దాచి అమ్మితే పాతిక పైసలన్న మాటే అబద్ధం.

"రఫ్ లెక్కలకి అందరికీ ఒక పుస్తకం కావాలక్కా" అంది కూతురు. "కాలేజిల నా దోస్తులు, పెద్దపెద్దోళ్ళ పిల్లలు కూడ, ఫెయిర్‌బుక్కు ఎనకనే రఫ్ చేసి మేడంతోని తిట్లు తింటరు." ఆ మాటనే పైన పెట్టాను.

'రఫ్ నోటుబుక్కు. 25 పైసలు.
కాగితం తెల్లగా ఉండదు. గీతలు లేవు. అట్ట మీద బొమ్మ లేదు. అందుకే ఈ ధర.
పెన్సిలుతో, బాల్‌పెన్నుతో రెండు వైపులా రాయవచ్చు. సిరాతో రాస్తే వెనక్కి దిగుతుంది.
దారంతో కుట్టినది. కాగితాలు ఊడవు. 84 పేజీలు.'

మొత్తం చదివి వినిపించాను. ఆయన ఒక్కచోటే ఆపాడు. "ఎనభై నాలుగు అంటే అట్టను కలిపితే. ఇరవై పెద్ద కాయితాలు మడిస్తే ఎనభయ్యే. బజార్ల అందరు అట్టను కలుపుతరు, నేను గట్లనే చెప్పిన. కాని ఇంత రాసినంక అదొక్కటెందుకు? అట్ట మీద ఎవరు లెక్కలు చేస్తరు? ఎనభై పెట్టు" అన్నాడు.

మర్నాడు ఆఫీసులో మా యజమాని ఇది చదివి ముక్కున వేలేసుకున్నాడు. "మన సరుకులో లోపాలు మనమే అచ్చేయించి అమ్ముతామా? నీకేమైనా మతిపోయిందా? కనీసం ఆ సిరా ముక్క తీసెయ్. లేదా కింద చిన్న అక్షరాల్లో వేయించు" అన్నాడు. నాకూ పట్టుదల పెరిగింది. అన్నీ ఒకే సైజు అక్షరాల్లో ఉండాలి, లేకపోతే నేను రాయను అన్నాను. నా మాట నెగ్గేది కాదు. కానీ బైండరు అక్కడే కూర్చుని ఉన్నాడు. "దిగుతదని రాయకుంటే దిగకుండ ఉంటదా సాబ్?" అన్నాడు. మా యజమాని చివరికి ఒప్పుకున్నాడు. కింద మా ప్రెస్సు పేరు మాత్రం వేయొద్దన్నాడు, పరువు పోతుందని. వేయలేదు. కంపోజిటరు ప్రతి అక్షరం కొత్తగా పేర్చాల్సి వచ్చిందని గొణిగాడు. పాత లేబులు పూర్తిగా కప్పేలా అర అంగుళం పెద్దది చేద్దామని ఆ కంపోజిటరే చెప్పాడు.

మూడు రోజులు నేను కూడా సాయంత్రాలు వాళ్ళింటికి పోయి లేబుళ్ళు అతికించాను. నాకంత బాగా రాదు, మూలలు లేచేవి. బైండరు భార్య నా వెనకాలే వచ్చి వాటిని అరచేత్తో అదిమేది.

తర్వాత అద్భుతం ఏమీ జరగలేదు. కొట్టు ముందు జనం బారులు తీరలేదు. కానీ చేతిలోకి తీసుకున్నవాళ్ళు తీసుకుపోయారు. నేను మళ్ళీ ఆ కొట్టు దగ్గర కాపు కాశాను. ఒకాయన లేబులు పైకి చదివి, "సిరా దిగుతదట. పోనీ, మనోడు రాసేది పెన్సిల్‌తోనే" అని నాలుగు కొన్నాడు. ఇద్దరు అమ్మాయిలు చెరొకటి తీసుకున్నారు. వెనక్కి తెచ్చిచ్చినవాళ్ళు ఒక్కరూ లేరని కొట్టాయన చెప్పాడు. ఒక బళ్ళో లెక్కల మాస్టారు తన తరగతికంతా కావాలని ఒకేసారి తెప్పించుకున్నాడు. జూలై నడిమికి ఆ ముందుగదిలో ఒక చిన్న దొంతర మిగిలింది, అంతే. ఆయన ఆ సేఠ్ దగ్గరికి తిరిగి వెళ్ళనక్కర్లేకపోయింది.

ఆ మాట చెప్పడానికే ఆయన ఒక మధ్యాహ్నం మా ఆఫీసుకి వచ్చాడు. మిఠాయి తెచ్చాడు. మా యజమానికీ, కంపోజిటరుకీ పెట్టాడు. అందరూ సంతోషంగా ఉన్నారు. ఆయన వెళ్ళేటప్పుడు మెట్ల దాకా వెళ్ళి, చాలారోజులుగా మనసులో ఉన్నది అడిగాను. "బాబాయిగారూ, నా మీద మీకింకా కోపం ఉందా?"

"నీ మీద కోపమెందుకు బిడ్డా. తప్పు చేసినవ్, నువ్వే వచ్చి సదివినవ్" అన్నాడు. ఒక మెట్టు దిగి ఆగాడు.

"మా బిడ్డ సంగతే యాదికొస్తది. మొదటి లేబుళ్ళు వచ్చిన దినం నేను దానికి సూపిచ్చిన. ఆంధ్రా అమ్మాయి రాసింది, సదువుకున్న పిల్ల, మంచిగ రాసింది కదా అన్న. అది సదివింది. సదివి, మంచిగ రాసింది నాయినా అన్నది. నా ముంగటనే కూసోని ఎనిమిది వందల పుస్తకాలకు అతికిచ్చింది. గరీబోళ్ళు, గరీబోళ్ళు అని ఎనిమిది వందల సార్లు సదువుకుంట. నేను పక్కన కూసోని, తిన్నగ పెట్టు, బొట్టు లెక్క నడుమ రావాలె అని చెప్పుకుంట ఉన్న."

ఆయన మెట్లు దిగి, సైకిలు తాళం తీసి, చిక్కడపల్లి వైపు వెళ్ళిపోయాడు.